ఖాళీలో పడ్డ విభక్తి

“నోటికి మంచిగనే వస్తుంది గద సార్, మరి తప్పెట్లయితది?”

మొదటి సంవత్సరం బి.ఎస్సీ. అమ్మాయి ఒకతె జవాబు కాగితం చేతిలో పట్టుకుని నన్ను అడిగిన ప్రశ్న ఇది. అచ్చంపేట అవతలి వూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ రోజు నేను ఇచ్చిన చిన్న పరీక్షలో ఆర్టికిల్స్, ప్రిపొజిషన్స్ ఖాళీలు ఎనిమిది. ఆమెకు వచ్చింది ఒక్క మార్కు. నేను అందరికీ చెప్పే జవాబే చెప్పాను: “రూలు ప్రకారం తప్పమ్మా.” ఆ అమ్మాయి కాగితం మడిచి పెట్టుకుంటూ, “అయితే ఇంగ్లీషు పేపరున్న పరీక్షలు నేను రాయను సార్, తియ్యండి” అన్నది. ఇంగ్లీషు పేపరు లేని ఉద్యోగ పరీక్షలు ఎన్ని వున్నాయో చదివేవాళ్ళకు తెలుసు. సగం సగం మార్కుల ఖాళీలు ఒక మనిషి దారిని ఇంత తేలికగా మూసేస్తాయా అని ఆ రాత్రి ఆ కాగితం మళ్ళీ తీసి చూశాను. చూస్తే నాకు తెలిసింది రెండు సంగతులు. ఒకటి, ఆ అమ్మాయి ఏదీ వూరికే రాయలేదు. రెండు, ఆ ప్రశ్నపత్రంలో తప్పులు నావి కూడా వున్నాయి.

ముందు ఆమె రాసినవి చూడండి. “వుయ్ రీచ్‌డ్ ___ మహబూబ్‌నగర్” అన్నచోట ‘టు’. “వుయ్ డిస్కస్‌డ్ ___ ది ప్రాబ్లెమ్” అన్నచోట ‘అబౌట్’. “షి హాజ్ బీన్ ఇల్ ___ ఫైవ్ డేస్” అన్నచోట ‘సిన్స్’. “మై ఫాదర్ వాజ్ యాంగ్రీ ___ మి” అన్నచోట ‘ఆన్’. “హి ఈజ్ ___ ఎం.ఎల్.ఏ.” అన్నచోట ‘ఎ’. “___ కృష్ణా ఈజ్ ఎ బిగ్ రివర్” అన్నచోట ఏమీ లేదు, వదిలేసింది. “దేర్ వర్ ఫిఫ్టీ పీపుల్ ___ ది బస్” అన్నచోట ‘ఇన్’. చివరిది “షి స్టడీస్ ఇన్ ___ యూనివర్సిటీ” అన్నది. అక్కడ ‘ఎ’ అని రాసింది. ఆ ఒక్కటే ఒప్పు.

ఇప్పుడు ఈ వాక్యాలను ఆమె ఇంట్లో మాట్లాడే మాటల్లో పెట్టండి. పాలమూరు‘కు’ చేరినం. సమస్య ‘గురించి’ చర్చించినం. అయిదు రోజుల ‘నుంచి’ పాణం బాగలేదు. మా నాయనకు నా ‘మీద’ కోపమొచ్చింది. బస్సు‘లో’ యాభైమంది వున్నరు. ఒక్కటైనా తప్పుందా? లేదు. ఆ అమ్మాయి చెవి చక్కగా పని చేసింది. పని చేసింది తెలుగు మీద, అంతే. నోటికి సహజంగా రావటం అంటే మనం అలవాటుపడ్డ భాష ఒప్పుకున్నదని అర్థం. ఆ ఒప్పుకున్న భాష ఏదో మనం ఆమెకు చెప్పటం లేదు. “రూలు” అని ఒక్క మాటతో తేల్చేస్తున్నాం.

ఆ రూలు ఎక్కడ తిరగబడుతుందో ఒక్క ‘గురించి’తో చూద్దాం. బడిలో మనమంతా విభక్తులు వల్లె వేసినవాళ్ళమే. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి నేటి పాఠ్యపుస్తకం దాకా ‘గురించి’ అనే ప్రత్యయం ఏ విభక్తిలో వుంది? ద్వితీయలో. అంటే ‘ని, ను’ల పక్కన, కర్మకు చేరే ప్రత్యయాల్లో వుంది. “సమస్యను చర్చించినం” అన్నా, “సమస్య గురించి చర్చించినం” అన్నా మనకు తేడా లేదు. రెండూ కర్మే. ఇంగ్లీషులో కర్మకు ప్రత్యయం వుండదు. క్రియ పక్కన కూర్చుంటే చాలు, అది కర్మ అయిపోతుంది. ‘డిస్కస్’ అనేది కర్మను నేరుగా పట్టుకునే క్రియ. దాని పక్కన మళ్ళీ ‘అబౌట్’ పెడితే ఒకే పనికి ఇద్దరు కూలీలను పెట్టినట్లు.

అయితే ఇక్కడ ఇంకో చిక్కు వుంది. క్రియను వదిలి నామవాచకం వాడితే ‘అబౌట్’ తిరిగి వస్తుంది. “వుయ్ హాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లెమ్” అన్నది ఒప్పు. ‘టాక్’ అనే క్రియకు కూడా ‘అబౌట్’ కావాలి. రోజూ ‘డిస్కషన్ అబౌట్’, ‘టాక్ అబౌట్’ అని వినే చెవికి ‘డిస్కస్ అబౌట్’ పరాయిగా వినిపించదు. అందుకే తెలుగు రాని దేశాల్లో, నైజీరియా వంటి చోట్ల కూడా, ‘డిస్కస్ అబౌట్’ అనేవాళ్ళు చాలామంది వున్నారు. ఇది నల్లగొండ, పాలమూరు పిల్లల మొద్దుతనమేమీ కాదు.

‘రీచ్’ సంగతీ ఇదే. ‘చేరు’ అనే క్రియకు మనం ‘కు’ పెడతాం. ఇంగ్లీషు ‘రీచ్’కు వూరి పేరే కర్మ, ‘టు’ అక్కరలేదు. ‘గో’కు కావాలి, ‘కమ్’కు కావాలి, ‘రీచ్’కు వద్దు. ‘ఎంటర్ ది రూమ్’ అన్నచోట కూడా ‘ఇన్‌టు’ వద్దు. దీన్నే తిరగేసి చూడండి. “రేడియో విన్న” అంటాం, ‘రేడియోకు విన్న’ అనం. అందుకని “ఐ లిజెన్‌డ్ ది రేడియో” అని రాస్తాం. అక్కడ ఇంగ్లీషుకు ‘టు’ కావాలి. ఒకచోట మనం ఎక్కువ పెడుతున్నాం, ఒకచోట తక్కువ పెడుతున్నాం. రెంటికీ కారణం ఒక్కటే. ఖాళీ ముందున్న ఇంగ్లీషు క్రియను అడగకుండా, మనసులో వున్న తెలుగు క్రియను అడుగుతున్నాం. కాబట్టి ఖాళీ కనబడగానే ఖాళీని చూడొద్దు. దాని ఎడమపక్క మాటను చూడాలి. ప్రిపొజిషన్‌ను ఎక్కువసార్లు నిర్ణయించేది ఆ మాటే. ‘యాంగ్రీ’కి మనిషి ఎదురుగా వుంటే ‘విత్’. ‘సుపీరియర్’కు, ‘ప్రిఫర్’కు ‘టు’. మన పంచమి ‘కంటే’ అక్కడ ‘దాన్’ను తెచ్చిపెడుతుంది. లెక్కల్లో దిట్ట అంటే మనకు ‘లో’, ఇంగ్లీషు ‘గుడ్’కు ‘ఎట్’.

‘నుంచి’ది వేరే రకం తగాదా. “2023 నుంచి ఇక్కడ చదువుతున్న”, “రెండేండ్ల నుంచి ఇక్కడ చదువుతున్న” అని మనం రెంటికీ ఒకే మాట వాడతాం. మొదటిది కాలంలో ఒక గుర్తు, రెండోది కాలం పొడవు. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. గుర్తుకు ‘సిన్స్’, పొడవుకు ‘ఫర్’. దీనికి నేను పిల్లలకు చెప్పే పరీక్ష ఒకటుంది. ఖాళీ తరువాతి మాటను గోడ మీది క్యాలెండరులో వేలు పెట్టి చూపించగలరా? సోమవారాన్ని చూపించగలం, ‘సిన్స్ మండే’. దసరాను చూపించగలం, ‘సిన్స్ దసరా’. ‘అయిదు రోజులు’ అన్నది ఎక్కడుంది? అయిదు గడులు లెక్కపెట్టాలి. లెక్కపెట్టాల్సి వస్తే ‘ఫర్’. ఇంత చెబితే ఆ అమ్మాయి మళ్ళీ ఈ తప్పు చేయలేదు.

చెవి ఎప్పుడూ మోసమే చేస్తుందని కూడా అనుకోవద్దు. “హి ఈజ్ మ్యారీడ్ ___ మై సిస్టర్” అన్నచోట చాలామంది ‘విత్’ రాస్తారు, ‘మా అక్కతోని పెండ్లయింది’ అనుకుంటూ. కానీ మన ఇండ్లల్లో పెద్దవాళ్ళు ఎట్లా అంటారు? “మా బిడ్డను ఫలానా ఆయన‘కు’ ఇచ్చి చేసినం” అంటారు. ఆ ‘కు’ పట్టుకుంటే ‘టు’ దానంతట అదే వస్తుంది. అమ్మమ్మ మాట గ్రామరు పుస్తకం కంటే ముందే జవాబు చెప్పింది. తెలుగును తరగతి బయట నిలబెట్టి ఇంగ్లీషు నేర్పాలనే అధ్యాపక మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. “ఇంగ్లీషులోనే ఆలోచించు” అనటం వినటానికి బాగుంటుంది. ఆలోచించటానికి చాలినంత ఇంగ్లీషు ఇంకా చేతికి రాని పిల్లకు ఆ సలహా ఏం పనికొస్తుంది?

ఇక ఆర్టికిల్స్. తెలుగులో ఆర్టికిల్స్ లేవు, అందుకని కష్టం అంటారు. ఆ మాట నిజమే కానీ, ‘ఎ’, ‘యాన్’ల విషయంలో అసలు కారణం మన నాలుక మీద వుంది. రూలు అందరికీ తెలుసు: అచ్చు శబ్దం ముందు ‘యాన్’, హల్లు శబ్దం ముందు ‘ఎ’. అక్షరం లెక్క కాదు, శబ్దం లెక్క. అందుకే ‘యూనివర్సిటీ’ ముందు ‘ఎ’, ‘వన్ డే మ్యాచ్’ ముందు ‘ఎ’, ‘అవర్’ ముందు ‘యాన్’. ఈ రూలును నేనూ చెప్పాను, “మీ చెవిని నమ్మండి” అని కూడా చెప్పాను. అక్కడే దెబ్బ తిన్నాం.

తెలుగువాడు మాట మొదట్లో ‘ఎ’ అన్నప్పుడు ముందు సన్నగా ఒక ‘య’కారం పలుకుతాడు. ‘ఒ’ అన్నప్పుడు ముందు ‘వ’కారం పలుకుతాడు. ఎక్కడ, యెక్కడ, ఒకటి, వొకటి. రెండు విధాలా రాసినవాళ్ళూ వున్నారు. తెలుగులో దీనివల్ల నష్టం లేదు. ఇంగ్లీషులోకి మాత్రం ఇదే అలవాటు వెంట వస్తుంది. ‘ఎగ్’ను ‘యెగ్’ అంటాం, ‘ఓల్డ్’ను ‘వోల్డ్’ అంటాం. ఆ అమ్మాయి ‘ఎం.ఎల్.ఏ.’ని ‘యెమ్మెల్యే’ అన్నది. మనమంతా అట్లాగే అంటాం. ‘యె’ అంటే హల్లుతో మొదలయింది, కాబట్టి ఆమె చెవి ‘ఎ’ అని తీర్పు చెప్పింది. రూలు తెలిసే, రూలు పాటించే, తప్పు చేసింది!

మన ఇంటిపేర్ల పొడి అక్షరాలు చూడండి. ‘యం. రాములు’, ‘యన్. లక్ష్మి’, ‘యస్. కృష్ణయ్య’ అని రాసుకునేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. ఆ ‘య’ కలం జారి పడ్డది కాదు, నోట్లో వున్నదే. ‘యాపిల్’కు ముందు ‘యాన్’ పెట్టటంలో ఎవరూ తప్పరు, ఒకటో తరగతి నుంచి బట్టీ పట్టాం కనుక. అదే ‘యాక్టర్’, ‘యాక్సిడెంట్’ అనేసరికి ‘ఎ యాక్టర్’, ‘ఎ యాక్సిడెంట్’ అంటాం. తమాషా ఏమిటంటే ‘యాన్’ అనే ఆ ఆర్టికిల్‌నే మనం ‘య’ పెట్టి రాస్తున్నాం.

ఎవరికి వారు ఈ తేడా పట్టుకోవటానికి ఒక జంట మాటలున్నాయి. చెవి అనే అర్థం వచ్చే ‘ఇయర్’, సంవత్సరం అనే అర్థం వచ్చే ‘యియర్’. మనం రెంటినీ ఒకే తీరుగా అంటాం. చెవికి ముందు ‘యాన్’, సంవత్సరానికి ముందు ‘ఎ’. చెవి మాట మొదలయినప్పుడు నాలుక పైకి లేవకూడదు, నేరుగా ‘ఇ’తో రావాలి. సంవత్సరం మాటకు నాలుక నడిమి భాగం అంగిటి దగ్గరకు లేచి జారాలి. పది సార్లు అని చూస్తే తెలుస్తుంది. ఇది కుదరనివాళ్ళకు ఇంకో దారి వుంది. పొడి అక్షరాలను తెలుగులో ‘ఎ’తో రాసి చూడండి: ఎఫ్, ఎల్, ఎం, ఎన్, ఎస్, ఎక్స్. ఈ ఆరూ, వాటితో పాటు ఏ, ఇ, ఐ, ఓ, హెచ్, ఆర్ అన్న ఆరూ, మొత్తం పన్నెండు ‘యాన్’ తీసుకుంటాయి. ఇంగ్లీషువాళ్ళు ‘హెచ్’ను ‘ఎయిచ్’ అంటారు గనుక అది కూడా ఈ జాబితాలోదే. తక్కిన పద్నాలుగుకూ ‘ఎ’. ‘యాన్ ఎన్.ఎస్.ఎస్. క్యాంప్’, ‘యాన్ ఎస్.ఐ.’, ‘యాన్ ఎం.ఎస్సీ. స్టూడెంట్’; కానీ ‘ఎ బి.ఎస్సీ. స్టూడెంట్’, ‘ఎ యు.జి.సి. స్కాలర్‌షిప్’.

ఇప్పుడు యూనివర్సిటీ వాక్యంలో ఆ అమ్మాయి ఎందుకు నెగ్గిందో చూడండి. మన ‘య’ అక్కడ నిజంగానే వుంది. చెవిని నమ్మింది, మార్కు వచ్చింది. పక్క బెంచీ అబ్బాయి ‘యు’ అచ్చు అక్షరం కదా అని కంటిని నమ్మి ‘యాన్’ రాశాడు, మార్కు పోయింది. ఒకే తరగతిలో ఒకరిని కన్ను ముంచింది, ఒకరిని నాలుక ముంచింది. ఇద్దరికీ “రూలు చదవలేదు” అని ఒకటే మందు ఇస్తే ఏం లాభం?

‘కృష్ణా’ ముందు ‘ది’ విషయం తొందరగా చెప్పి ముగిస్తాను. మన రెండు జిల్లాల దక్షిణపు అంచున పారే నదిని మనం మనిషిని పిలిచినట్లు పేరుతో పిలుస్తాం. ఇంగ్లీషు మాత్రం నది పేరుకు ‘ది’ తగిలిస్తుంది: ది కృష్ణా, ది మూసీ. వూరికి మాత్రం తగిలించదు. ‘ది నల్లగొండ’ అనరు. ఇక్కడ చెవి సాయం చేయదు, తెలుగు కూడా సాయం చేయదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే. అదే ‘కాలేజీ’ ముందు అయితే అర్థాన్ని బట్టి మారుతుంది. చదువుకోవటానికి వెళ్ళే విద్యార్థి ‘గోస్ టు కాలేజ్’. ఫీజు కట్టటానికి వచ్చిన తండ్రి ‘గోస్ టు ది కాలేజ్’. ఆ ‘ది’ లేకపోతే తండ్రి కూడా మన పక్క బెంచీలో కూర్చున్నట్లే.

ఇంతవరకు విద్యార్థి తప్పులు చెప్పాను. ఇప్పుడు నావి. ‘రీచ్‌డ్’, ‘డిస్కస్‌డ్’ దగ్గర నేను గీత గీసి ఖాళీ పెట్టాను. పైన సూచనలో “ఖాళీలను పూరింపుము” అన్నాను. అక్కరలేనిచోట వదిలేయవచ్చునని ఎక్కడా చెప్పలేదు. పూరించమన్నది నేను, పూరించినందుకు మార్కు కోసింది నేను. ఇది పరీక్షా? ఉచ్చు. ‘ఏమీ అక్కరలేదు’ అనేది కూడా జవాబే అయినప్పుడు ఆ మాట సూచనలో వుండాలి, దానికో గుర్తు వుండాలి.

బస్సు వాక్యం ఇంకా అన్యాయం. నా కీలో ‘ఆన్’ అని వుంది. బస్సు, రైలు వంటివాటికి ‘ఆన్’, కారుకు ‘ఇన్’ అని పుస్తకాల్లో వుంటుంది, ప్రయాణం సంగతి చెప్పేటప్పుడు అది సరే. కానీ బస్సు లోపల యాభైమంది వున్నారని చెప్పటానికి ‘ఇన్ ది బస్’ అంటే ఇంగ్లండులో పుట్టినవాడు కూడా తప్పు పట్టడు. రెండు జవాబులున్న ఖాళీకి ఒకే కీ పెట్టటం ప్రశ్న తయారుచేసినవాడి తప్పు. ‘డిఫరెంట్’ తరువాత వచ్చే ఖాళీ కూడా ఇటువంటిదే. మన పుస్తకాల్లో ‘ఫ్రమ్’ వుంటుంది, ఇంగ్లండులో ‘టు’ వినిపిస్తుంది, అమెరికాలో ‘దాన్’ రాస్తారు. పరీక్షలో ‘ఫ్రమ్’ రాయండి, ఎక్కడా పేచీ రాదు. కానీ ‘దాన్’ అన్న పిల్లవాడికి ఇంగ్లీషు రాదని మాత్రం అనకండి.

అంటే తప్పులు మూడు రకాలు. తెలుగు విభక్తి, తెలుగు నాలుక తెచ్చిపెట్టేవి మొదటివి. వీటికి కారణం చెప్పి దిద్దాలి. ఒక దేశంలో చెల్లి, ఇంకో దేశపు పుస్తకంలో చెల్లనివి రెండోవి. వీటికి “పరీక్షలో ఇట్లా రాయి” అని చెబితే చాలు. రెండూ ఒప్పయినా కీలో ఒకటే వుండటం మూడోది. దీన్ని దిద్దవలసింది విద్యార్థి కాగితం మీద కాదు, మా కీ మీద. ఈ మూడింటికీ ఒకే ఎర్ర గీత గీసినన్నాళ్ళు, విద్యార్థికి తెలిసేది ఒక్కటే: తన నోట ఏది వస్తే అది తప్పని. ఆ తరువాత వాడు నోరు తెరవడు. ఇంట్లో మాట్లాడే తెలుగుకే బయట నవ్వులు పడ్డ ప్రాంతం మనది. ఇంగ్లీషులోనూ అదే పాఠం చెబితే ఎట్లా?

అందుకని నా కోరిక చిన్నది. ఖాళీల పరీక్ష పెట్టే అధ్యాపకులు కీ తయారు చేశాక, దాన్ని దాచిపెట్టి ఇంకో సహాధ్యాపకుడి చేత ఆ ఖాళీలు రాయించాలి. ఇద్దరి జవాబులు కలవనిచోట ఆ ప్రశ్న తీసేయాలి. కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు జవాబుతో పాటు ఆ తప్పు ఏ తెలుగు మాట నుంచి వచ్చిందో ఒక్క ముక్క చెప్పాలి. విద్యార్థులు తమ తప్పు జవాబును తెలుగులోకి తిప్పి చూసుకోవాలి. అక్కడ ‘కు’నో ‘గురించి’నో కనబడితే దొంగ దొరికినట్లే.

రెండు నెలల తరువాత మళ్ళీ ఎనిమిది ఖాళీలు ఇచ్చాను. ఆ అమ్మాయికి ఆరు వచ్చాయి. కాగితం తీసుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. “సార్, ‘లక్ష్మి ఈజ్ ___ కాలేజ్’ అన్న కాడ నేను ‘ఇన్’ రాసిన, మీరు ‘ఎట్’ అని కొట్టేసిండ్రు. ఆమె కాలేజీల చదువుతున్నదని చెప్పాలంటే ‘ఇన్’ కూడ అంటరు గద?” అన్నది. నేను నిఘంటువు తీశాను. అంటారు. మార్కు కలిపి ఏడు వేశాను. ఆ పూట ఆమె అడిగిన ప్రశ్నలో “నోటికి వస్తుంది గద” అన్న మాట లేదు.